ఎవరి పని? ఫ్రెంచి క్రియ అడిగే ప్రశ్న

తెలుగులో 'నాకు వెళ్ళాలని ఉంది' అంటాం. 'నువ్వు వెళ్ళాలని నాకు ఉంది' అని కూడా అంటాం. వెళ్ళేది నేనైనా, నువ్వైనా, మూడో మనిషైనా 'వెళ్ళాలని' అన్న మాట మారదు. కోరిక ఎవరిది, పని ఎవరిది అన్నది మనం చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తెలుసుకుంటాం. ఫ్రెంచిలో అలా కుదరదు. కోరుకునేవాడూ పని చేసేవాడూ ఒక్కడే అయితే క్రియ ఒక రూపంలో ఉంటుంది. ఇద్దరూ వేరైతే వాక్యం నిర్మాణమే మారి, క్రియ ఇంకో రూపం తొడుక్కుంటుంది.

మొదటి రూపం ఇన్ఫినిటివ్, అంటే నిఘంటువులో కనిపించే క్రియ. రెండోది సబ్జంక్టివ్. ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ రెండోదాని దగ్గరే. పాఠ్యపుస్తకాలు దీన్ని పెద్ద పట్టికలతో మొదలుపెడతాయి. ఏ క్రియ తర్వాత వస్తుంది, ఏ సముచ్చయం తర్వాత వస్తుంది అంటూ జాబితాలు ఇస్తాయి. జాబితా కంఠతా వచ్చినవాడు కూడా మాట్లాడబోయేసరికి ఆగిపోతాడు. నిజానికి అవసరం, కోరిక అన్న రెండు సందర్భాలు గట్టిగా పట్టుబడితే రోజువారీ ఫ్రెంచిలో సబ్జంక్టివ్ పని చాలావరకు తీరుతుంది. కెనడాలో ఒట్టావా ప్రాంతపు ఫ్రెంచివాళ్ళ మాటల్ని రికార్డు చేసి పరిశీలించిన భాషావేత్త షానా పాప్లాక్, వాళ్ళ నోట సబ్జంక్టివ్ అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది 'కావాలి, తప్పదు' అనే అర్థమిచ్చే ఒకే ఒక్క క్రియ తర్వాత అని చూపించారు. ఆ క్రియ 'ఫాల్వార్'. వాడుకలో అది 'ఇల్ ఫో' అని వినిపిస్తుంది.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఫ్రెంచి వాక్యాలను చెవికి వినిపించే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. 'జ' అంటే నేను, 'త్యు' అంటే నువ్వు, 'ఇల్' అంటే అతను. 'క' అన్నది మన 'అని' చేసే పని చేస్తుంది, కాకపోతే వాక్యం మధ్యలో, రెండో క్రియకు ముందు వస్తుంది. అరసున్న ఉన్నచోట శబ్దం ముక్కులోంచి వస్తుంది. ఫ్రెంచి 'త' మన 'త' లాంటిదే, ఇంగ్లిషు 'ట' కాదు.

చెప్పడం వేరు, కోరడం వేరు

'జ సె క త్యు వియాఁ' అంటే 'నువ్వు వస్తున్నావని నాకు తెలుసు'. 'జ వ క త్యు వియెన్' అంటే 'నువ్వు రావాలని నా కోరిక'. రెండు వాక్యాల్లోనూ వచ్చేది నువ్వే, క్రియ కూడా ఒకటే. కానీ మొదటిదాంట్లో 'వియాఁ', రెండోదాంట్లో 'వియెన్'. మొదటి వాక్యం ఒక సంగతిని సంగతిగా చెబుతోంది. రెండో వాక్యంలో నువ్వు వస్తావో రావో ఎవరూ చెప్పలేదు, రావాలన్న కోరిక మాత్రమే ఉంది. సంగతిని చెప్పే రూపాన్ని ఇండికేటివ్ అంటారు. సంగతిగా ప్రకటించకుండా, కోరికకో అవసరానికో లోబడ్డ పనిగా చూపే రూపం సబ్జంక్టివ్.

'వీవ్ లా ఫ్రాన్స్' అన్న నినాదం చాలామంది వినే ఉంటారు. అందులోని 'వీవ్' సబ్జంక్టివే. ఫ్రాన్సు వర్ధిల్లుతోందని ఆ నినాదం చెప్పడం లేదు, వర్ధిల్లాలని కోరుతోంది. ముందు ఏ క్రియా లేకుండా ఇలా ఒంటరిగా నిలబడ్డ సబ్జంక్టివ్‌లు ఇప్పుడు కొన్ని స్థిరపడిపోయిన మాటల్లోనే మిగిలాయి. నేటి వాడుకలో అది దాదాపు ఎప్పుడూ ఇంకో మాట వెనకే, 'క' తర్వాతే వస్తుంది.

రూపం ఎలా వస్తుంది

సబ్జంక్టివ్‌ను తయారుచేయడం అనుకున్నంత కష్టం కాదు. వర్తమానంలో 'వాళ్ళు' అన్న కర్తతో క్రియ ఎలా ఉంటుందో చూడాలి. 'వాళ్ళు వస్తారు' అంటే 'ఇల్ వియెన్'. 'వాళ్ళు బయల్దేరతారు' అంటే 'ఇల్ పార్త్'. 'వాళ్ళు తీసుకుంటారు' అంటే 'ఇల్ ప్రెన్'. ఆ శబ్దమే నేను, నువ్వు, అతను, ఆమె, వాళ్ళు అందరికీ సబ్జంక్టివ్‌గా సరిపోతుంది. రాతలో చివరి అక్షరాలు కొద్దిగా మారతాయి గానీ చెవికి తేడా ఉండదు. మనం, మీరు అన్నవాటికి మాత్రం గతంలో జరుగుతూ ఉండిన పనిని చెప్పే రూపం తీసుకోవాలి. కాబట్టి 'మనం మాట్లాడతాం' అన్న 'పార్లోఁ' సబ్జంక్టివ్‌లో 'పార్లియోఁ' అవుతుంది.

ఈ సూత్రానికి లొంగని క్రియలు కొన్నే, కానీ అవే రోజూ కావలసినవి. ఉండటానికి 'స్వా', కలిగి ఉండటానికి 'ఎ', వెళ్ళడానికి 'ఆయ్', చేయడానికి 'ఫాస్', తెలియడానికి 'సాష్', చేయగలగడానికి 'ప్వీస్'. ఈ ఆరింటినీ నోటికి అలవాటు చేసుకోక తప్పదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మాట్లాడటం, తినడం, వెతకడం, పని చేయడం లాంటి వేలాది ఫ్రెంచి క్రియలు 'ఏ' శబ్దంతో ముగిసే ఒకే వర్గానికి చెందుతాయి. వాటిలో 'నువ్వు మాట్లాడతావు' అన్నా 'నువ్వు మాట్లాడాలి' అన్నా వినపడేది 'పార్ల్' ఒక్కటే. అక్కడ సబ్జంక్టివ్ ఉందో లేదో చెవి చెప్పలేదు. నేర్చుకునేవాడు కొన్నాళ్ళు అలాంటి క్రియలతోనే మాట్లాడి అంతా బాగానే ఉందనుకుంటాడు. 'వెళ్ళు', 'చెయ్యి', 'రా' లాంటి క్రియ రాగానే తప్పు బయటపడుతుంది. ఫ్రెంచివాళ్ళకూ రాతలో ఇదే ఇబ్బంది. 'నేను చూడాలి' అన్నప్పుడు చివర ఏ అక్షరం రాయాలో వాళ్ళూ తప్పుతుంటారు, ఎందుకంటే రెండు రూపాలూ 'వ్వా' అనే పలుకుతాయి. దీనికి మంచి ఉపాయం ఒకటుంది. అనుమానం వచ్చినచోట ఆ క్రియ తీసేసి 'చేయడం' అన్న క్రియ పెట్టి చూడాలి. 'ఫె' అని నోటికి వస్తే ఇండికేటివ్, 'ఫాస్' అని వస్తే సబ్జంక్టివ్.

కోరిక ఒకరిది, పని ఇంకొకరిది

ఇప్పుడు అసలు సూత్రం. కోరుకునేవాడే పని చేసేవాడైతే 'క' రాకూడదు, సబ్జంక్టివ్ రాకూడదు. కోరిక తెలిపే క్రియ వెంటనే ఇన్ఫినిటివ్ రావాలి. 'నేను బయల్దేరాలనుకుంటున్నాను' అనడానికి 'జ వ పార్తీర్'. కోరిక నాది, బయల్దేరడం నీది అయితే 'జ వ క త్యు పార్త్'.

'జ వ క జ పార్త్' అని ఎవరైనా అంటే ఫ్రెంచివాడు అర్థం చేసుకుంటాడు గానీ, ఆ వాక్యం తమ భాషది కాదంటాడు. ఇది శైలికి సంబంధించిన సలహా కాదు, వ్యాకరణం వేసిన అడ్డుకట్ట. తెలుగువాళ్ళ నోట ఈ తప్పు తరచుగా ఎందుకు వస్తుందో మొదట చెప్పుకున్నదాన్ని బట్టే తెలుస్తుంది. 'నేను వెళ్ళాలని' అన్నదాన్ని మాటకు మాటగా మారిస్తే సరిగ్గా ఇలాంటి వాక్యమే పుడుతుంది.

ఈ అడ్డుకట్ట ఫలితం మూడో మనిషి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 'పియేర్ వ పార్తీర్' అంటే బయల్దేరాలనుకుంటున్నది పియేరే, బయల్దేరేదీ అతనే. 'పియేర్ వ కీల్ పార్త్' అంటే పియేర్ కోరుకుంటున్నాడు గానీ బయల్దేరాల్సింది వేరే మగమనిషి. 'కీల్' అంటే 'క', 'ఇల్' కలిసిన మాట. అందులోని 'అతను' పియేర్ కాడని ఫ్రెంచి వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. పియేర్ గురించే చెప్పదలిస్తే ఇన్ఫినిటివ్ సిద్ధంగా ఉండగా, దాన్ని వదిలేసి 'క' వాడారంటే మనిషి మారినట్టే. తెలుగులో 'తను', 'అతను' అన్న మాటల తేడాతో మనం చేసే పనిని ఫ్రెంచి ఇక్కడ క్రియ రూపంతో చేస్తోంది.

ఇంగ్లిషు మీడియంలో చదువుకున్నవాళ్ళకు ఇంకో వల ఉంది. ఇంగ్లిషులో 'నువ్వు రావాలని కోరుకుంటున్నాను' అనడానికి కోరిక క్రియ వెనక 'నిన్ను' అనే మాట పెట్టి, తర్వాత ఇన్ఫినిటివ్ పెడతారు. ఆ అలవాటుతో 'జ త వ వనీర్' అనేస్తుంటారు. ఫ్రెంచిలో ఆ నిర్మాణం లేదు. మనిషి మారాడంటే 'క', దాని వెనక సబ్జంక్టివ్, అంతే.

ఇష్టపడటం, మెచ్చడం కంటే మేలనుకోవడం, కోరుకోవడం వంటి చాలా క్రియలకు ఇదే సూత్రం. 'జ ప్రెఫేర్ రెస్తే' అంటే 'నేను ఉండిపోవడమే ఇష్టం'. 'జ ప్రెఫేర్ క త్యు రెస్త్' అంటే 'నువ్వు ఉండిపోవడమే నాకిష్టం'. మర్యాదగా అడిగేటప్పుడు 'జ వ' బదులు 'జ వుద్రే' అంటారు. దాని వెనకా ఇదే లెక్క.

అవసరంలో కర్త ఎక్కడ?

'ఇల్ ఫో' దగ్గర కథ కొంచెం మారుతుంది. ఇందులోని 'ఇల్' ఏ మనిషీ కాదు. వర్షం పడుతోందనడానికి ఫ్రెంచివాళ్ళు వాడే 'ఇల్' లాంటిదే, పేరుకే కర్త. అందుకే 'ఇల్ ఫో క జ పార్త్' అంటే 'నేను బయల్దేరాలి' అన్నది నిక్షేపమైన వాక్యం. ఇందులో రెండు పాత్రలు ఒక్కరివి కావు, ఎందుకంటే మొదటి పాత్ర అసలు మనిషే కాదు. 'జ వ క జ' తప్పు, 'ఇల్ ఫో క జ' ఒప్పు అన్నది చూడగానే విచిత్రంగా అనిపిస్తుంది. కారణం ఇంతే.

మరి 'ఇల్ ఫో' తర్వాత ఇన్ఫినిటివ్ ఎప్పుడు? పని ఎవరిదో చెప్పనక్కర్లేనప్పుడు. 'ఇల్ ఫో పార్తీర్' అంటే 'బయల్దేరాలి'. ఎవరు? అది సందర్భమే చెప్పాలి. గడియారం చూసుకుని ఇంటాయన అంటే 'మనం'. టికెట్ కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే 'మీరు'. నియమాలు చెప్పేటప్పుడు, అందరికీ వర్తించే మాట చెప్పేటప్పుడు ఇదే సహజం. తెలుగులోని 'బయల్దేరాలి' కూడా ఇలాగే కర్త లేకుండా నిలబడుతుంది కాబట్టి మనకిది సులువుగా వంటబడుతుంది.

సందర్భం చాలనప్పుడు, లేదా ఈ పని ప్రత్యేకంగా ఫలానావాళ్ళదేనని చెప్పదలిచినప్పుడు 'క' తీసుకురావాలి. 'ఇల్ ఫో క త్యు పార్త్' అంటే నువ్వే బయల్దేరాలి. ఇన్ఫినిటివ్‌కు ముందు 'నాకు' అన్న చిన్న మాట చేర్చి 'ఇల్ మ ఫో పార్తీర్' అనడం కూడా ఉంది. కానీ అది పుస్తకాల భాషలా వినిపిస్తుంది. ఇక 'ద్వా' అనే క్రియ వాడితే సబ్జంక్టివ్ గొడవే లేదు. 'జ ద్వా పార్తీర్' అంటే 'నేను బయల్దేరాలి' అనే అర్థం. ఇక్కడ మొదటి క్రియకు నేనే కర్త, పనీ నాదే, కాబట్టి ఇన్ఫినిటివ్. మాటల మధ్యలో సబ్జంక్టివ్ రూపం గుర్తురాకపోతే ఈ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పని చేసేది మనిషి కానప్పుడు మాత్రం ఇన్ఫినిటివ్ చాలదు. 'వాన పడాలి' అనడానికి 'ఇల్ ఫో కీల్ ప్లవ్' అనాల్సిందే. ఇన్ఫినిటివ్ పెడితే దాని వెనక చెప్పకుండా ఊహించుకునే కర్త మామూలుగా మనుషులే అవుతారు. వానను అలా ఊహించుకోలేం.

కూడదు, అక్కర్లేదు

'ఇల్ ఫో' ను వ్యతిరేకంలో పెడితే అర్థం ఎటు పోతుందన్నది జాగ్రత్తగా చూడాలి. 'ఇల్ న ఫో పా క త్యు వియెన్' అంటే 'నువ్వు రాకూడదు'. చాలామంది దీన్ని 'నువ్వు రానక్కర్లేదు' అనుకుంటారు. వ్యతిరేకం మొదటి క్రియ మీద ఉన్నా, దాని బరువు రెండో క్రియ మీద పడుతుంది. తెలుగులో 'రాకూడదు', 'రానక్కర్లేదు' రెండు వేరు మాటలు కాబట్టి మనకు తేడా బాగా తెలుసు. ఫ్రెంచిలో రెండో అర్థం కావాలంటే మాట మార్చాలి: 'ఇల్ నె పా నెసెసేర్ క త్యు వియెన్', అంటే 'నువ్వు రావడం అవసరమేమీ కాదు'. ఆతిథ్యమిచ్చేవాళ్ళకు మర్యాదగా 'మీరు శ్రమపడనక్కర్లేదు' అనబోయి 'ఇల్ న ఫో పా' అంటే నిషేధంలా వినిపిస్తుంది.

ఇన్ఫినిటివ్‌తోనూ అదే అర్థం. 'ఇల్ న ఫో పా ఫ్యుమే' అంటే పొగ తాగకూడదు.

మధ్యలో 'ద' ఎప్పుడు?

సబ్జంక్టివ్ నుంచి ఇన్ఫినిటివ్‌కు మారేటప్పుడు కొన్ని మాటలు మధ్యలో 'ద' అనే చిన్న మాటను అడుగుతాయి. మనకు కావలసిన కోరిక, అవసరాల వరకు చూస్తే గుర్తుపెట్టుకోవడం తేలికే. 'జ వ', 'జ ప్రెఫేర్', 'జ సువెత్', 'ఇల్ ఫో', 'ఇల్ వో మియ' అన్నవి నేరుగా ఇన్ఫినిటివ్‌ను తీసుకుంటాయి. ఒక నామవాచకమో విశేషణమో కలిసిన మాటలైతే 'ద' కావాలి. 'జె బజ్వాఁ ద దోర్మీర్' అంటే 'నాకు నిద్ర అవసరం'. 'జె ఆఁవీ ద దోర్మీర్' అంటే 'నాకు నిద్రపోవాలని ఉంది'. 'ఇల్ ఎ నెసెసేర్ ద దోర్మీర్' అంటే 'నిద్రపోవడం అవసరం'.

మనిషి మారగానే ఆ 'ద' పోయి 'క' వస్తుంది. 'జె బజ్వాఁ క త్యు మెద్' అంటే 'నువ్వు నాకు సాయం చేయడం అవసరం'. రెండూ కలిపి 'ద క' అని ఇక్కడ అనకూడదు.

రెండు మినహాయింపులు

మొదటిది 'ఆశ'. 'జ సువెత్' అంటే కోరుకుంటున్నాను. దాని తర్వాత సబ్జంక్టివ్: 'జ సువెత్ క త్యు వియెన్'. కానీ 'జెస్పేర్' అంటే ఆశిస్తున్నాను. దాని తర్వాత ఇండికేటివ్, చాలాసార్లు భవిష్యత్తులో: 'జెస్పేర్ క త్యు వియాఁద్రా', అంటే 'నువ్వు వస్తావని ఆశిస్తున్నాను'. రెండూ మనసులోని కోరికలేగా, తేడా ఎందుకు అనిపిస్తుంది. ఆశించేవాడు జరుగుతుందన్న నమ్మకంతో ఉంటాడని, అందుకే దాన్ని జరగబోయే సంగతిగా చెబుతాడని వ్యాకరణం ఇచ్చే వివరణ. స్పానిష్ నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ఇంకా తికమకపడతారు. ఆ భాషలో ఇదే మూలం నుంచి వచ్చిన క్రియ సబ్జంక్టివ్‌నే తీసుకుంటుంది. అయితే మనిషి ఒక్కడే అయినప్పుడు మాత్రం 'జెస్పేర్' కూడా మిగతావాటిలాగే ఇన్ఫినిటివ్ తీసుకోవచ్చు: 'జెస్పేర్ వనీర్', 'రాగలనని ఆశ'.

రెండో మినహాయింపు అడగడం, చెప్పడం, అనుమతించడం వంటి క్రియలది. ఇక్కడ మనిషి మారినా ఇన్ఫినిటివే సహజం. 'జ త దమాఁద్ ద వనీర్' అంటే 'నిన్ను రమ్మని అడుగుతున్నాను'. అడిగేది నేను, వచ్చేది నువ్వు. సూత్రం ప్రకారం 'క' రావాలిగా? రానక్కర్లేదు, ఎందుకంటే 'త' అంటే 'నిన్ను' అన్న మాట ముందే వచ్చి, పని ఎవరిదో చెప్పేసింది. ఎవరిని అడుగుతున్నామో చెప్పకపోతే 'జ దమాఁద్ క త్యు వియెన్' అని సబ్జంక్టివ్ వాడవచ్చు. అది కాస్త అధికారికంగా, గట్టిగా కోరుతున్నట్టు ఉంటుంది. తెలుగులో 'రమ్మని', 'చెయ్యమని' అన్న చోటల్లా ఫ్రెంచిలో ఈ 'ద' తో కూడిన ఇన్ఫినిటివ్ ఉంటుందని గుర్తుపెట్టుకుంటే పొరపాటు జరగదు. 'రావాలని' అన్న చోటే 'క' గురించి ఆలోచించాలి.

కాలం సంగతి

సబ్జంక్టివ్‌కు భవిష్యత్తు లేదు. 'నువ్వు రేపు రావాలి' అన్నా 'ఇప్పుడే రావాలి' అన్నా 'వియెన్' ఒక్కటే. రేపు అన్న మాట కాలం సంగతి చూసుకుంటుంది. ఒక సమయానికల్లా పని పూర్తయి ఉండాలని చెప్పాలంటే మాత్రం గతరూపం ఉంది: 'ఇల్ ఫో క త్యు ఎ ఫిని అవాఁ సీజర్', అంటే ఆరింటిలోపు నువ్వు పూర్తిచేసి ఉండాలి.

పాత పుస్తకాలు చదివేవాళ్ళకు ఇంకో రూపం ఎదురవుతుంది. మొదటి క్రియ గతంలో ఉంటే రెండోదీ గతపు సబ్జంక్టివ్‌లో ఉండాలన్నది పూర్వపు నియమం. 'నేను బయల్దేరాల్సి వచ్చింది' అనడానికి 'ఇల్ ఫాలే క జ పార్తీస్' అని రాసేవారు. ఈ రూపాలు నోటికి బరువై వాడుకలోంచి తప్పుకున్నాయి. 1901లో ఫ్రాన్సు విద్యామంత్రి జార్జ్ లెయ్‌గ్ ఇచ్చిన ఉత్తర్వు, మొదటి క్రియ 'జ వుద్రే' వంటి రూపంలో ఉన్నప్పుడు పరీక్షల్లో వర్తమాన సబ్జంక్టివ్ రాసినా తప్పుగా లెక్కించకూడదంది. ఇవాళ మాట్లాడేవాళ్ళందరూ 'ఇల్ ఫాలే క జ పార్త్' అనే అంటారు. నేర్చుకునేవాళ్ళు పాత రూపాన్ని చదివితే గుర్తుపట్టగలిగితే చాలు.

ఒక ఉత్తరం, ఆరు వాక్యాలు

ఇదంతా ఒకచోట ఎలా పనిచేస్తుందో చూద్దాం. హైదరాబాద్ నుంచి లియోఁ నగరానికి చదువుకోడానికి వెళ్ళిన కుర్రాడు అక్కడి స్నేహితుడికి ఫోన్లో సందేశం రాస్తున్నాడనుకుందాం. ఫ్రాన్సులో దీర్ఘకాలపు విద్యార్థి వీసా మీద దిగినవాళ్ళు మూడు నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అతను ముందు ఆ నియమం చెబుతాడు: 'ఇల్ ఫో వాలిదే ల వీజా దాఁ లే త్ర్వా మ్వా'. ఇది అందరికీ వర్తించే నియమం, పని ఎవరిదో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, కాబట్టి ఇన్ఫినిటివ్.

తర్వాత తన పని: 'ఇల్ ఫో క జ ప్రెన్ రాఁదే-వూ ఆ లా బాఁక్'. బ్యాంకులో సమయం తీసుకోవలసింది తనే. ఇన్ఫినిటివ్ వాడితే 'మనం తీసుకోవాలి' అని స్నేహితుడు అనుకోవచ్చు. అందుకే 'క', సబ్జంక్టివ్.

మూడోది: 'జ న వ పా ఇ అలే సల్'. 'అక్కడికి ఒంటరిగా వెళ్ళాలని లేదు'. అయిష్టం తనది, వెళ్ళడం తనది, ఇద్దరూ ఒకరే. ఇన్ఫినిటివ్.

నాలుగోది: 'జ వుద్రే క త్యు వియెన్ అవెక్ మ్వా'. 'నువ్వు నాతో రావాలని కోరిక'. మనిషి మారాడు, సబ్జంక్టివ్ వచ్చింది.

ఐదోది: 'జెస్పేర్ క త్యు సరా లీబ్ర్'. 'నీకు తీరిక ఉంటుందని ఆశ'. మనిషి మారినా ఆశ కాబట్టి ఇండికేటివ్, భవిష్యత్తులో.

ఆఖరిది: 'ఇల్ న ఫో పా క త్యు స్వా ఆఁ రతార్'. ఇది 'నువ్వు ఆలస్యంగా రానక్కర్లేదు' అన్న వింత మాట కాదు, 'ఆలస్యం చేయకూడదు' అన్న హెచ్చరిక.

ఈ ఆరింటిలో ఎక్కడా జాబితా గుర్తుచేసుకోవలసిన పని రాలేదు. ప్రతిచోటా మొదట చూసింది ఇది సంగతా, కోరికా లేక అవసరమా అన్నది. తర్వాత చూసింది ఆ రెండో పని ఎవరిదన్నది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే రూపం గురించి ఆలోచన.

ఫ్రెంచి నేర్చుకుంటున్న పాఠకులు రేపు చేయవలసిన ఐదు పనులను ఈరోజే రాసి చూడండి. రెండు నియమాలుగా, రెండు మీ పనులుగా, ఒకటి ఇంట్లో ఇంకొకరు చేయాలని మీరు కోరుకునేదిగా ఉండనివ్వండి. మాట్లాడటం, తినడం లాంటి తేడా వినపడని క్రియల్ని పక్కనపెట్టి వెళ్ళడం, చేయడం, తీసుకోవడం వాడండి. పని ఎవరిదో తేల్చుకున్న తర్వాతే క్రియ రూపాన్ని ఎంచుకోండి. సబ్జంక్టివ్ పట్టికను ఆ తర్వాత తిరగేసినా ఆలస్యమేమీ కాదు.